సంతాప సందేశాలకు బదులు రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో పెద్దవారు కన్నుమూసిన రోజు నుంచి పెద్దకర్మ వరకు ఫోన్‌లో వందల సందేశాలు వచ్చి పడుతుంటే, వాటికి ఎలా బదులివ్వాలో తోచని కుటుంబాల కోసం ఈ ప్రశ్నలను ఒకచోట చేర్చాము. జవాబులన్నీ ప్రధానంగా తల్లినో తండ్రినో పోగొట్టుకున్న తెలుగు కుటుంబాన్ని, వాట్సాప్‌లో వచ్చే సందేశాలను దృష్టిలో ఉంచుకుని రాసినవి.

వచ్చిన ప్రతి సందేశానికీ బదులు ఇవ్వాలా?

అవసరం లేదు. పరామర్శకు వచ్చినవారు "వెళ్ళొస్తాము" అని చెప్పకుండానే లేచి వెళ్ళిపోవడం, ఇంటివారు వారిని గుమ్మం దాకా సాగనంపకపోవడం చాలా తెలుగు ఇళ్ళలో ఇప్పటికీ పాటించే పద్ధతే. దుఃఖంలో ఉన్నవారి నుంచి మామూలు మర్యాదలు ఎదురుచూడకూడదని అందరికీ తెలుసు కాబట్టే అది చెల్లుతోంది. ఫోన్‌లో పంపిన సంతాపానికీ అదే వర్తిస్తుంది. గ్రూపులో రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టినవారు, "ఓం శాంతి" అని రాసినవారు తమ వంతు పలకరింపు పూర్తిచేశారు. వారిలో చాలామంది బదులు కోసం చూడరు.

ఇబ్బంది పెట్టేది నీలి రంగు గీతలు. సందేశం చదివినట్లు అవతలివారికి తెలిసిపోతుంది కాబట్టి, వెంటనే ఏదో ఒకటి రాయాలన్న ఒత్తిడి మొదలవుతుంది. వాట్సాప్‌లో Settings, Privacy లోకి వెళ్ళి Read receipts ఆపివేస్తే విడి సందేశాల్లో ఆ గీతలు కనిపించవు. ఇతరులు చదివారో లేదో మీకూ తెలియదు, గ్రూపుల్లో మాత్రం ఇది పనిచేయదు. ఆ పది పదిహేను రోజులకు ఈ చిన్న మార్పు చాలా ఊరట.

మరి ముందుగా ఎవరికి బదులివ్వాలి?

వచ్చిన వరుసలో ఇవ్వకండి. చాలామంది అలసిపోయేది అక్కడే. పైనుంచి మొదలుపెట్టి కిందికి వచ్చేసరికి ఇంకో యాభై చేరుతాయి, రెండో రోజుకు ఓపిక నశిస్తుంది, చివరికి నిజంగా జవాబు కావలసినవారికే జవాబు అందదు. ఎవరు పంపారన్నదాని కంటే, ఆ సందేశం మీ నుంచి ఏం కోరుతోందన్నది చూడండి.

కొన్ని సందేశాలు ఏదో ఒకటి అడుగుతాయి: అంత్యక్రియలు ఎక్కడ, ఎన్ని గంటలకు, పెద్దకర్మ ఏ రోజు, మేము ఇప్పుడు బయలుదేరితే అందుకుంటామా. వీటికి ఆలస్యం పనికిరాదు, కానీ జవాబు మీరే ఇవ్వాలన్న నియమం లేదు. వివరం తెలిసిన బంధువు ఎవరైనా ఇవ్వవచ్చు. కొన్ని సందేశాలు ఒక జ్ఞాపకాన్ని మోసుకొస్తాయి: "మీ నాన్నగారు నా ఫీజు కట్టకపోతే నేను పదో తరగతి దాటేవాణ్ణి కాదు" అన్నటువంటివి. వీటికి మీరే రాయాలి, అయితే నెల తరువాత రాసినా ఏమీ పాడవదు. మిగిలినవన్నీ, అంటే మొత్తంలో ఎక్కువ భాగం, కేవలం పలకరింపులు. వాటికి ఒక్క వాక్యమో, అందరికీ కలిపి ఒకే సందేశమో సరిపోతుంది.

అడిగే ప్రశ్నలనే తగ్గించే మార్గం ఉందా?

ఉంది. మొదటి ప్రకటనను సరిగా రాస్తే ప్రశ్నలు చాలావరకు రానే రావు. "నాన్న ఇక లేరు" అని మాత్రమే పెడితే, చదివిన ప్రతి ఒక్కరూ ఎప్పుడు, ఎలా, ఎక్కడ అని విడివిడిగా అడుగుతారు. కింది నమూనాను మీ వివరాలతో మార్చుకోవచ్చు.

"మా నాన్నగారు (పేరు) ఈ రోజు తెల్లవారుజామున గుండెపోటుతో కన్నుమూశారు. అంత్యక్రియలు రేపు, బుధవారం ఉదయం 10 గంటలకు తెనాలిలో జరుగుతాయి. అప్పటివరకు పార్థివదేహం ఇంటి వద్దనే ఉంటుంది. పెద్దకర్మ తేదీని తరువాత ఇక్కడే తెలియజేస్తాము. వివరాలకు మా పెదనాన్నగారి అబ్బాయి (పేరు, నంబరు)తో మాట్లాడగలరు. అమ్మ ఫోన్‌లో మాట్లాడే స్థితిలో లేదు; మీ మాటలు మేము ఆమెకు చెబుతాము."

చివరి రెండు వాక్యాలు ముఖ్యమైనవి. ఫోన్లన్నీ వేరే నంబరుకు మళ్ళుతాయి, తల్లి ఫోన్ కొంత ప్రశాంతంగా ఉంటుంది. ఆ నంబరు ఇచ్చే ముందు ఆ వ్యక్తిని అడగండి, పాడె, పురోహితుడు, వంటల పనుల్లో తలమునకలైనవారి పేరు ఇవ్వకండి. పెద్దకర్మ పదకొండో రోజా, పన్నెండో రోజా, ఇంకొకటా అన్నది కులాన్ని, ఇంటి ఆచారాన్ని బట్టి మారుతుంది కాబట్టి తేదీని ఖాయం చేసుకోకుండా ప్రకటించకూడదు. ఒకసారి తప్పు తేదీ గ్రూపుల్లోకి వెళ్ళిందంటే సరిదిద్దిన తేదీ అంత దూరం వెళ్ళదు.

ఒక కుటుంబం ఈ పనిని ఎలా పంచుకోవచ్చో ఉదాహరణ చెప్పగలరా?

తెనాలిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు కన్నుమూశారనుకుందాం. భార్య ఇంట్లో ఉన్నారు, కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చాడు, కూతురు డల్లాస్‌లో ఉంది, ఆమె పెద్దకర్మకు గాని చేరలేదు. రెండు రోజుల్లో కుటుంబ గ్రూపు, కాలనీ గ్రూపు, పూర్వ విద్యార్థుల గ్రూపు, విడి సందేశాలు కలిపి సుమారు 350 వచ్చాయనుకుందాం.

కర్మ చేస్తున్న కొడుకు ఫోన్ పట్టుకుని కూర్చోలేడు, కూర్చోకూడదు కూడా. పెదనాన్నగారి అబ్బాయి పై ప్రకటనను మూడు గ్రూపుల్లోనూ పెట్టి, అడిగినవారికి జవాబులిచ్చే పని తీసుకున్నాడు. దూరంగా ఉండి ఏమీ చేయలేకపోతున్నానని కుమిలిపోతున్న కూతురుకు విడి సందేశాల పని అప్పగించారు. డల్లాస్ సమయం మనకంటే కాలాన్ని బట్టి పదిన్నర లేదా పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. ఇక్కడ అందరూ నిద్రపోయే వేళ ఆమెకు పగలు. అన్న ఫోన్‌ను వాట్సాప్‌లోని Linked devices ద్వారా తన ల్యాప్‌టాప్‌కు కలుపుకుని, పలకరింపులకు చిన్న వాక్యాలు పంపుతూ, జ్ఞాపకాలు రాసినవాటికి నక్షత్రం గుర్తు పెట్టి వదిలేసింది. వాట్సాప్‌లో Starred అన్నచోట అవన్నీ ఒకే జాబితాగా కనిపిస్తాయి.

పెద్దకర్మ అయిన తరువాత ఆ జాబితాలో మిగిలినవి ముప్పై. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ వాటిని తల్లికి చదివి వినిపించి, రోజుకు నాలుగైదు చొప్పున బదులు రాశారు. మొత్తం 350లో నిజంగా ఆలోచించి రాయవలసినవి ఆ ముప్పై మాత్రమే.

ఒక జాగ్రత్త: అన్న ఫోన్ నుంచి చెల్లెలు రాస్తున్నప్పుడు, అన్న మాటల్లా కాకుండా చివర తన పేరు రాయడం మంచిది. "అన్నయ్య కర్మలో ఉన్నాడు, నేను రాస్తున్నాను" అన్న ఒక్క వాక్యం చాలు. లేకపోతే అవతలి స్నేహితుడు ఏదో చనువుగా, గుంభనంగా చెప్పుకోవలసిన మాట రాసి తరువాత నొచ్చుకుంటాడు.

మళ్ళీ మళ్ళీ వాడుకోదగిన చిన్న బదులులు ఇవ్వగలరా?

వీటిలో పేర్లు లేవు, కావాలనే పెట్టలేదు. ఒకరి కోసం రాసిన "సుబ్బారావు మామయ్యా" ఇంకొకరికి అతికించి పంపడం ఈ రోజుల్లో జరిగే అతి సాధారణమైన పొరపాటు. వాక్యాన్ని అతికించిన తరువాత పిలుపును చేత్తో టైప్ చేయండి.

కేవలం పలకరించినవారికి: "మీ సందేశం చేరింది. ఈ సమయంలో మమ్మల్ని తలచుకున్నందుకు కృతజ్ఞతలు."

వయసులో పెద్దవారైన బంధువులకు: "నమస్కారం. మీరు పలకరించడం మాకు ధైర్యాన్నిచ్చింది. అమ్మ బాగానే ఉంది, మేమందరం దగ్గరే ఉన్నాము." పెద్దలు తెలుసుకోవాలనుకునేది ముఖ్యంగా మిగిలిన తల్లి లేదా తండ్రి ఎలా ఉన్నారన్నదే, అది చెబితే మళ్ళీ ఫోన్ చేయవలసిన అవసరం వారికి ఉండదు. తల్లి బాగా లేకపోతే "నెమ్మదిగా తేరుకుంటోంది" అని రాయండి.

దగ్గరి స్నేహితుడికి: "చూశాన్రా. ఇప్పుడు రాయలేకపోతున్నా. కాస్త కుదుటపడ్డాక నేనే ఫోన్ చేస్తా." ఇక్కడ గౌరవ వాచకాలు వాడితే అతనికి మీరు దూరమైనట్లు అనిపిస్తుంది.

ఆఫీసు అధికారికి: "మీ సానుభూతికి కృతజ్ఞతలండి. పెద్దకర్మ పూర్తయ్యేవరకు సెలవులో ఉంటాను. అత్యవసరమైతే సందేశం పెట్టండి, వీలు చూసుకుని స్పందిస్తాను." అత్యవసరానికి కూడా అందుబాటులో ఉండలేకపోతే మూడో వాక్యం తీసేయండి. అది ఉంటే అవసరం పడుతూనే ఉంటుంది.

రాలేకపోయామని బాధపడినవారికి: "అంత దూరం నుంచి రావడం కష్టమని మాకు తెలుసు. మీరు మనసులో పెట్టుకోకండి. వీలైనప్పుడు ఇంటికి వచ్చి అమ్మను చూడండి."

"ఏం కావాలన్నా అడగండి" అన్నవారికి: "అలా అన్నందుకు చాలా సంతోషమండి. ఇప్పటికి పనులు జరుగుతున్నాయి. అవసరమైతే మొహమాటపడకుండా అడుగుతాను." నిజంగా పని ఉంటే ఇక్కడే చెప్పేయడం ఇంకా మేలు: "రేపు సాయంత్రం స్టేషన్ నుంచి అత్తయ్యను తీసుకురాగలరా?" అలా అన్నవారికి ఏదో ఒకటి చేయాలనే ఉంటుంది.

మీకు పరిచయం లేని, పోయినవారి స్నేహితులకు: "మిమ్మల్ని నేను కలవలేదు కానీ, నాన్నగారి గురించి మీరు రాసినది చదివాను. ఆయనను ఇంతగా గుర్తుపెట్టుకున్నందుకు మా కుటుంబం తరఫున నమస్కారాలు."

ఎత్తలేకపోయిన ఫోన్‌కు: "మీ ఫోన్ చూశాను. ఇప్పుడు మాట్లాడే ఓపిక లేదు, దయచేసి ఏమీ అనుకోకండి. పెద్దకర్మ తరువాత నేనే చేస్తాను." చేస్తానని రాస్తే చేయండి, లేకపోతే ఆ వాక్యం వదిలేయండి.

అందరికీ ఒకే వాక్యం పంపితే తప్పుపట్టరా?

వాక్యం సాదాగా ఉంటే ఎవరూ పట్టరు. "మీ సందేశం చేరింది, కృతజ్ఞతలు" అన్నది పది మందికి ఒకే రూపంలో వెళ్ళిందని తెలిసినా ఎవరూ నొచ్చుకోరు, ఎందుకంటే అది ఎవరికీ ప్రత్యేకమని చెప్పుకోలేదు. ఇబ్బంది వచ్చేది ప్రత్యేకంగా కనిపించే వాక్యాన్ని అందరికీ పంపినప్పుడు. "మీ మాటలు నా గుండెను తాకాయి" అని ఇద్దరు పిన్నులకు పంపి, ఒకరు రాసింది నాలుగు పేజీలు, మరొకరు పెట్టింది ఒక్క బొమ్మ అయితే, పెద్దకర్మ భోజనాల వేళ ఇద్దరూ ఫోన్లు చూపించుకుంటారు. "అమ్మకు చదివి వినిపించాను" అన్న వాక్యం ఇంకా సున్నితమైనది. వినిపించకుండా రాస్తే, ఆ బంధువు ఇంటికి వచ్చి "వదినా, నేను రాసింది విన్నావా" అని అడిగినప్పుడు తల్లి తెల్లముఖం వేస్తుంది.

ఈ బదులులను ఫోన్‌లో ఎక్కడ పెట్టుకోవాలి? బ్రాడ్‌కాస్ట్ వాడవచ్చా?

వాట్సాప్‌లో మీకు మీరే సందేశం పంపుకునే వీలు ఉంది. ఆ చాట్‌లో ఐదారు వాక్యాలు పెట్టుకుని, అవసరమైనప్పుడు కాపీ చేసుకోవడం అందరికీ సులభం. కాస్త ఫోన్ తెలిసినవారు ఐఫోన్‌లో Settings, General, Keyboard, Text Replacement లోనూ, జీబోర్డ్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో Dictionary, Personal dictionary లోనూ ఒక చిన్న సంకేతాన్ని పెట్టుకుంటే, రెండు అక్షరాలు కొట్టగానే మొత్తం వాక్యం ముందుకు వస్తుంది.

బ్రాడ్‌కాస్ట్ జాబితా ఒకదానిలో 256 మందిని చేర్చవచ్చు, ప్రతి ఒక్కరికీ అది విడి సందేశంలాగే అందుతుంది. కానీ మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది. తండ్రి స్నేహితుల దగ్గర ఉండేది తండ్రి నంబరు, కొడుకుది కాదు; వారికి పంపానని మీరు అనుకుంటారు, వారికి ఏమీ రాదు. ఇంకో సంగతి, బ్రాడ్‌కాస్ట్ చేరిన వెంటనే సగం మంది "ధైర్యంగా ఉండండి" అని మళ్ళీ బదులిస్తారు, తగ్గిందనుకున్న పని రెట్టింపవుతుంది. అందుకే దీన్ని పెద్దకర్మ పూర్తయిన తరువాత ఒక్కసారి మాత్రమే, చివరి మాటగా వాడమని మా సలహా: "నాన్నగారి పెద్దకర్మ నిన్న పూర్తయింది. వచ్చినవారికి, ఫోన్‌లో పలకరించినవారికి, దూరం నుంచి తలచుకున్నవారికి మా కుటుంబం తరఫున నమస్కారాలు. విడివిడిగా బదులు రాయలేకపోయినందుకు మన్నించండి. దీనికి బదులు ఇవ్వనవసరం లేదు." ఆఖరి వాక్యం మొరటుగా అనిపిస్తుందని కొందరు తీసేస్తారు, ఉంచితేనే పని జరుగుతుంది.

నాన్నగారి ఫోన్‌కే సందేశాలు వస్తున్నాయి. ఆ ఫోన్ నుంచే బదులు ఇవ్వవచ్చా?

వీలైతే వద్దు. అవతలివారి తెరమీద పోయిన మనిషి ఫొటోతో, పేరుతో "కృతజ్ఞతలు" అని కనిపిస్తుంది. వయసు మళ్ళిన స్నేహితుడికి అది పెద్ద కుదుపు. ఆ ఫోన్‌లోని నంబరును తీసుకుని మీ ఫోన్ నుంచి రాయండి: "నేను ఫలానా గారి అబ్బాయిని. నాన్నగారి ఫోన్‌కు మీరు పంపిన సందేశం చూశాను." తప్పనిసరిగా అదే ఫోన్ వాడవలసి వస్తే ముందుగా ప్రొఫైల్ ఫొటో తీసేసి, మొదటి మాటగానే "నేను ఆయన కూతురిని రాస్తున్నాను" అని చెప్పండి. సిమ్‌ను మాత్రం తొందరపడి రద్దు చేయకండి. విషయం ఇంకా తెలియని స్నేహితులు కొన్ని నెలలపాటు ఆ నంబరుకే ఫోన్ చేస్తూ ఉంటారు.

"ఎలా జరిగింది?" అని ప్రతి ఒక్కరూ అడుగుతున్నారు. అదే కథ ఎన్నిసార్లు చెప్పాలి?

ఒక్కసారి, అదీ రాతలో. ఇంట్లోవారందరూ కలిసి ఒక వాక్యం అనుకుని, అందరూ అదే చెప్పండి: "రాత్రి నిద్రలోనే గుండెపోటు వచ్చింది, ఆసుపత్రికి తీసుకెళ్ళేలోగానే పోయారు." కొడుకు ఒకలా, కోడలు ఒకలా చెబితే మధ్యలో ఉన్న తేడాను బంధువులు పూరిస్తారు, "ఆలస్యంగా తీసుకెళ్ళారట" అన్న మాట పుట్టేది అక్కడే. చిన్న వయసు మరణమో, ఆత్మహత్యో, ప్రమాదమో అయితే వివరం చెప్పవలసిన బాధ్యత మీకు లేదు: "ఆ విషయం మాట్లాడే స్థితిలో మేము లేము. దయచేసి అర్థం చేసుకోండి." మళ్ళీ అడిగితే బదులివ్వకండి.

బాధపెట్టే సందేశాలకు ఏం రాయాలి?

"ఎనభై దాటారుగా, మంచి చావు" అని రాసేవారు ఉంటారు, "కాశీకి తీసుకెళ్ళి ఉంటే బాగుండేది" అనేవారూ ఉంటారు. దురుద్దేశం లేదని తెలిసినా ఆ గంటలో అది గుచ్చుకుంటుంది. పలకరింపులకు పెట్టుకున్న సాదా వాక్యమే వీరికీ పంపండి. వాదనకు దిగితే గ్రూపులో ఇంకో పది సందేశాలు పుడతాయి. కోపంలో పంపిన మాటను వాట్సాప్‌లో 15 నిమిషాల లోపు సవరించవచ్చు, సుమారు రెండు రోజుల లోపు అందరికీ కనిపించకుండా తొలగించవచ్చు, కానీ తొలగించిన గుర్తు అక్కడే మిగిలి ఉంటుంది.

క్రైస్తవ, ముస్లిం మిత్రుల సందేశాలకు బదులు వేరుగా ఉండాలా?

వారి సంప్రదాయంలో వారు పలికారు, మీరు మీ సంప్రదాయంలో మర్యాదగా స్పందిస్తే సరిపోతుంది. "మీ కుటుంబం కోసం ప్రార్థిస్తున్నాము" అన్నవారికి "మీ ప్రార్థనలకు కృతజ్ఞతలు" అని రాయండి. "ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్" అని పంపిన ముస్లిం మిత్రుడికి "మీ దువాలకు కృతజ్ఞతలు" అంటే సరిపోతుంది. మరణం ముస్లిం కుటుంబంలోనే జరిగి ఉంటే సాధారణంగా "జజాకల్లాహ్ ఖైర్" అంటారు. తెలియని మాటను అనుకరించి తప్పుగా రాయడం కంటే, తెలిసిన తెలుగులో చెప్పడమే గౌరవంగా ఉంటుంది.

జ్ఞాపకాలు రాసినవారికి బదులు ఎలా ఉండాలి?

మూడు నాలుగు వాక్యాలకు మించనవసరం లేదు, కానీ వారు రాసినదానిలోని ఒక్క విషయాన్నైనా తిరిగి ప్రస్తావించాలి. ఉదాహరణకు ఫీజు సంగతి రాసిన విద్యార్థికి: "మీ ఫీజు కట్టిన సంగతి నాన్న మాకెప్పుడూ చెప్పలేదు. మీ సందేశం చదివాకే తెలిసింది. అమ్మకు మాత్రం మీ పేరు గుర్తుంది, మీరు సైకిల్ మీద ఇంటికి వచ్చేవారని చెప్పింది. తెనాలి వచ్చినప్పుడు తప్పక ఇంటికి రండి." ఇలాంటి సందేశాలను మీ నుంచి వెళ్ళే బదులుతో పాటు ఒక చోట భద్రపరచండి; ఫోన్ మార్చినప్పుడు చాట్‌లు పోవచ్చు, సంవత్సరీకం నాటికి వాటిని మళ్ళీ చదవాలనిపిస్తుంది.

ఎంత ఆలస్యమైతే ఇక రాయకూడదు?

అలాంటి గడువు లేదు, అయినా మొదటి మాసికం లోపు ముగించడం మంచిదని మా అభిప్రాయం. ఆ తరువాత ప్రతి వారం గడిచేకొద్దీ రాయడం మరింత బరువవుతుంది, ఆలస్యానికి సంజాయిషీ పెరుగుతుంది. ఆలస్యమైతే ఒకే వాక్యంతో మొదలుపెట్టండి: "ఇన్నాళ్ళకు రాయగలుగుతున్నాను." కారణాలు చెప్పనవసరం లేదు.

విషయం తెలియక, నెలల తరువాత "మీ నాన్నగారు ఎలా ఉన్నారు?" అని అడిగినవారికి?

సూటిగా, వారు ఇబ్బందిపడకుండా చెప్పండి: "మీకు తెలియజేయలేకపోయాము. నాన్నగారు మొన్న ఫిబ్రవరిలో కాలం చేశారు. మీరు అడగడంలో తప్పేమీ లేదు; ఆయన మీ గురించి మాట్లాడుతూ ఉండేవారు." చివరి మాట నిజమైతేనే రాయండి. కాకపోతే "మీరు ఆయనను గుర్తుపెట్టుకుని అడిగినందుకు సంతోషం" అని ముగించవచ్చు.